కొత్తగా డైరెక్టర్ అయ్యారా? ఏం నేర్చుకోవాలో ఎంచుకునే ముందు

డైరెక్టర్ అయ్యానని ఊరికి ఫోన్ చేసి చెబితే మా పెదనాన్న అడిగిన మొదటి ప్రశ్న, "హీరో ఎవర్రా?" అని. అది సినిమా కాదని, మా ఐటీ కంపెనీలో ఒక హోదా అని చెప్పాను. "సరే, ఇదివరకు కోడ్ రాసేవాడివి. తర్వాత రాసేవాళ్ళని చూసుకునేవాడివి. ఇప్పుడు ఆ చూసుకునేవాళ్ళని చూసుకుంటావు. మరి రోజంతా నువ్వు చేసే పనేంటి?" అన్నాడు. జవాబు దొరకలేదు. నెల తిరక్కుండానే హెచ్‌ఆర్ పోర్టల్ అదే ప్రశ్నని ఇంకో రూపంలో అడిగింది. ఈ ఏడాది మీ నేర్చుకునే లక్ష్యాలు మూడు రాయండి అని.

ముందుగా ఒక మాట. ఇక్కడ డైరెక్టర్ అంటే కంపెనీల చట్టం ప్రకారం బోర్డులో కూర్చునే డైరెక్టర్ కాదు. హైదరాబాద్‌లో ఉన్న విదేశీ కంపెనీల సెంటర్లలో సీనియర్ మేనేజర్‌కి పైన, వీపీకి కింద ఉండే మెట్టు. మేనేజర్ కింద ఇంజనీర్లు ఉంటారు, డైరెక్టర్ కింద మేనేజర్లు ఉంటారు. పైకి ఇంతే తేడా కనిపిస్తుంది. అసలు తేడా వేరే చోట ఉంది. మేనేజర్‌గా మీకు కావలసిన పనిలో చాలా భాగం మీ మాట వినాల్సిన వాళ్ళ చేతిలోనే ఉండేది. డైరెక్టర్‌కి కావలసినదంతా దాదాపు మాట వినాల్సిన అవసరం లేని వాళ్ళ చేతిలో ఉంటుంది. పక్క డైరెక్టర్, ప్రోడక్ట్ వాళ్ళు, సెక్యూరిటీ టీమ్, అమెరికాలో ఉన్న మీ బాస్. వీళ్ళెవరికీ మీరు పని అప్పజెప్పలేరు.

అందుకే పోర్టల్‌లో ఆ మూడు గళ్ళలో ఏం రాస్తామన్నది ముఖ్యం. నాకు కనిపించినంతవరకు అక్కడ మూడు రకాల లక్ష్యాలే ఉంటాయి. వాటికి నేను పెట్టుకున్న మొరటు పేర్లు: కోర్సు లక్ష్యం, అంకె లక్ష్యం, మనిషి లక్ష్యం.

మూడింటిలో ఏది?

కోర్సు లక్ష్యం అంటే "ఫైనాన్స్ కోర్సు పూర్తి చేస్తాను", "క్లౌడ్ ఆర్కిటెక్చర్ సర్టిఫికేషన్ తీసుకుంటాను" లాంటిది. దీంట్లో సుఖం ఏమిటంటే పూర్తయిందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. చిక్కు కూడా అదే. సర్టిఫికెట్ వచ్చాక మీ చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరి ప్రవర్తన కూడా మారకపోవచ్చు. ముఖ్యంగా సాంకేతిక సర్టిఫికేషన్ల విషయంలో జాగ్రత్త. కొత్త కుర్చీలో కాళ్ళు తేలుతున్నట్టుంటుంది కదా, పాత నేల కోసం మనసు వెతుక్కుంటుంది. మొదటి ఏడాది నేను తీసుకున్న సర్టిఫికేషన్ అచ్చంగా అందుకే. చదువుతున్న ఆ ఇరవై ఆదివారాలూ హాయిగా గడిచాయి, అంతకుమించి ఏమీ జరగలేదు.

అంకె లక్ష్యం అంటే "ప్రొడక్షన్ ఇన్సిడెంట్లు సగానికి తగ్గిస్తాను", "మైగ్రేషన్ డిసెంబర్‌లోపు పూర్తి చేస్తాను" అనేవి. ఇవి ఉద్యోగంలో ఉండాల్సినవే, కానీ నేర్చుకునే లక్ష్యాలు కావు. పని ఇంకా చేతికి రాని దశలో ఫలితం మీద గట్టి అంకె పెడితే ఏమవుతుందో పరిశోధనల్లో చూశారు. 1989లో రూత్ కాన్ఫర్, ఫిలిప్ ఆకర్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికా వైమానిక దళంలో శిక్షణలో ఉన్నవాళ్ళకి విమానాల రాకపోకలు నియంత్రించే పనిని కంప్యూటర్ మీద నేర్పించారు. నేర్చుకోవడం మొదలైన తొలి దశలోనే ఇంత స్కోరు రావాలని లక్ష్యం పెడితే అది సాయపడకపోగా అడ్డమైంది. ధ్యాస పని అర్థం చేసుకోవడం మీద కాకుండా స్కోరు మీదకి పోయింది. తర్వాతి కాలంలో గ్యారీ లేథమ్, గెరార్డ్ సైట్స్ లాంటివాళ్ళు దీన్నే ముందుకు తీసుకెళ్ళి చెప్పింది ఏమిటంటే, ఎలా చేయాలో ఇంకా తెలియని క్లిష్టమైన పనికి "ఇంత సాధించు" అన్నదానికంటే "ఇది చేయడానికి పనికొచ్చే దారులు ఇన్ని కనిపెట్టు" అన్న లక్ష్యం మేలు అని.

కొత్త డైరెక్టర్ విషయంలో ఈ అడ్డం ఎలా ఉంటుందో చెప్పడం తేలిక. ఇన్సిడెంట్లు సగం కావాలి అన్న అంకె నెత్తి మీద ఉంటే, తనకి బాగా వచ్చిన దారే పడతాడు. రాత్రి కాల్‌లో తానే దూరి లాగ్స్ చదువుతాడు. అంకె నిజంగానే తగ్గుతుంది. నేర్చుకోవాల్సింది మాత్రం అలాగే ఉండిపోతుంది.

మనిషి లక్ష్యం అంటే ఫలానా వ్యక్తి, ఫలానా సందర్భంలో, ఇప్పుడు చేస్తున్నదానికి భిన్నంగా ఏం చేస్తే నేను నేర్చుకున్నట్టు అని రాసుకోవడం. ఇందులో రుజువు మీ దగ్గర ఉండదు, అవతలి మనిషి దగ్గర ఉంటుంది. అందుకే రాయడం కష్టం, కొలవడం ఇబ్బంది. అయినా మొదటి ఏడాదికి మూడు గళ్ళలో కనీసం రెండు ఇవే అయి ఉండాలని నా అభిప్రాయం. మూడోది కోర్సు కావచ్చు, అది కూడా మనిషి లక్ష్యానికి పనికొచ్చేదైతేనే. ఉదాహరణకి వచ్చే ఏడాది బడ్జెట్ మీరే వాదించుకోవాల్సి వస్తే ఫైనాన్స్ కోర్సుకి అర్థం ఉంది. అంకెల్ని పెర్ఫార్మెన్స్ షీట్‌లో ఉంచండి, ఇక్కడికి తేకండి.

ఒకావిడ రాసుకున్న ఐదు లక్ష్యాలు

రెండేళ్ళ క్రితం మా దగ్గర ఒకావిడ ఏప్రిల్లో డైరెక్టర్ అయింది. (ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.) అప్పటిదాకా తొమ్మిది మంది ఇంజనీర్ల మేనేజర్. ఇప్పుడు నలుగురు మేనేజర్లు, మొత్తం 38 మంది. ఆ నలుగురిలో ఇద్దరు నిన్నటిదాకా తనతో పాటు మేనేజర్లే. ఆవిడ రాసుకొచ్చిన జాబితా ఇది: క్లౌడ్ సర్టిఫికేషన్, ప్రెజెంటేషన్ స్కిల్స్ వర్క్‌షాప్, ఇన్సిడెంట్లు సగానికి తగ్గించడం, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ మెరుగుపరచుకోవడం, ఇన్‌ఫ్లుయెన్సింగ్ స్కిల్స్ పెంచుకోవడం.

చివరి రెండూ చూడటానికి సరైనవే. కానీ వాటిలో మనిషి లేడు. "ఎవరి మీద ఇన్‌ఫ్లుయెన్స్ కావాలి?" అంటే "అందరి మీదా" అంది. అందరి మీదా అంటే ఎవరి మీదా కాదు.

జాబితా పక్కన పెట్టి ముందు క్యాలెండర్ తెరిచాం. గడిచిన రెండు వారాలు, ఒక్కో గంటకీ ఒక రంగు. తాను చేసిన పని ఎరుపు, తాను తీసుకున్న నిర్ణయం పసుపు, వేరేవాళ్ళు నిర్ణయం తీసుకునేలా చేసింది ఆకుపచ్చ. మొత్తం 94 గంటల్లో 55 ఎరుపు, 31 పసుపు, మిగిలిన 8 ఆకుపచ్చ. రాత్రి బ్రిడ్జ్ కాల్స్ రెండు వారాల్లో నాలుగు, నాలుగింటిలోనూ ఆవిడ ఉంది. ఈ లెక్క గంటలో అయిపోతుంది, ఎవరైనా ముందు ఇది చేసి తీరాలి. లక్ష్యాలు మనకి నచ్చిన చోట పుడతాయి, క్యాలెండర్ మాత్రం నిజం చెబుతుంది.

ఆ నాలుగు కాల్స్‌లో ఒకదాంట్లో నేనూ ఉన్నాను. రాత్రి పదకొండున్నర. పేమెంట్లు ఆగిపోతున్నాయి, మధ్యాహ్నం చేసిన రిలీజ్ మీద అనుమానం. ఆ టీమ్ మేనేజర్ కుర్రాడు మాట్లాడుతున్నాడు, "రోల్‌బ్యాక్ చేద్దామా అని ఆలోచిస్తున్నా" అన్నాడు. ఈవిడ స్క్రీన్ షేర్ తీసుకుంది. క్వెరీ కొట్టింది, పదిహేను నిమిషాల్లో కారణం పట్టేసింది. అందరూ శభాష్ అన్నారు. ఆ కుర్రాడు మాత్రం అక్కడి నుంచి కాల్ అయ్యేదాకా నోరు విప్పలేదు. తర్వాతి ఇన్సిడెంట్‌లో అతని మొదటి మెసేజ్, "అక్కా, మీరొకసారి జాయిన్ అయితే అయిపోతుంది."

ఈ వాక్యం మీకూ వినిపిస్తుంటే, మొదటి లక్ష్యం అక్కడే ఉందని తెలుసుకోండి.

కిందికా, పక్కకా, పైకా?

మనిషి లక్ష్యాలకి మూడు దిక్కులు ఉంటాయి. మీ కింది మేనేజర్లు, పక్క డైరెక్టర్లు, పైన ఉన్నవాళ్ళు. మూడూ ఒకేసారి పెట్టుకున్నవాళ్ళని చూశాను. మూడు నెలలకి దేనికీ ఆధారం చూపించలేకపోయారు. రెండు చాలు. ఏ రెండన్నదే ఎంపిక.

కింది దిక్కు దాదాపు అందరికీ మొదటిది. కారణం నైతికం కాదు, లెక్క. ఎరుపు గంటలు తగ్గకపోతే పక్క వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోడానికి టైమ్ ఎక్కడుంది? ఈవిడ లక్ష్యం చివరికి ఇలా రాసుకుంది: "జూలై చివరికల్లా, ఇన్సిడెంట్ వచ్చినప్పుడు నలుగురు మేనేజర్లలో ముగ్గురు నన్ను అడక్కుండా రోల్‌బ్యాక్ నిర్ణయం తీసుకోవాలి. నేను కాల్‌లో ఉన్నా కీబోర్డ్ ముట్టుకోను. రుజువు: ఇన్సిడెంట్ రికార్డులో నిర్ణయం ఎవరు తీసుకున్నారన్న గడి."

ఆ గడి అంతకుముందు లేదు, ఈ లక్ష్యం కోసమే పెట్టించింది. గమనించండి, ఇందులో "డెలిగేషన్ నేర్చుకుంటాను" అన్న మాట లేదు. ఫలానా సందర్భం ఉంది, ఫలానా మనుషులు ఉన్నారు, తాను మానుకోవాల్సిన పని ఒకటి ఉంది, ఎక్కడ చూస్తే తెలుస్తుందో ఉంది.

దానికి ప్రయత్నించాల్సిన దారులు కూడా రాసుకుంది. ఒకటి, రోల్‌బ్యాక్‌కి గీత ముందే గీయడం: ఫెయిల్ అయ్యే పేమెంట్లు ఇంత శాతం దాటి పది నిమిషాలు ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదు. రెండు, ఎవరైనా "ఏం చేద్దాం?" అని అడిగితే జవాబు చెప్పకుండా "నువ్వేం చేద్దామనుకుంటున్నావు? తప్పయితే ఏం పోతుంది?" అనడం. మూడు, తప్పు నిర్ణయం జరిగినప్పుడు మర్నాడు రివ్యూలో దాన్ని సమర్థిస్తూ పక్కన నిలబడటం. మూడోదే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. మే నెలలో ఒక మేనేజర్ అనవసరంగా రోల్‌బ్యాక్ చేశాడు, ఒక ఫీచర్ రెండు రోజులు ఆలస్యమైంది. రివ్యూలో ప్రోడక్ట్ వాళ్ళు మొహం చిట్లిస్తే, "అతనికి అప్పుడు కనిపించిన సమాచారంతో నేనైనా అదే చేసేదాన్ని" అంది. ఆ మాట మిగతా ముగ్గురికి చేరడానికి ఒక్క పూట పట్టింది.

ఇక్కడ ఒక మినహాయింపు. టీమ్ నిజంగా మునిగిపోతుంటే, రోజూ కస్టమర్లు నష్టపోతుంటే, కీబోర్డ్ ముట్టుకోను అని ఒట్టు పెట్టుకోవడం బాధ్యతారాహిత్యం. మొదటి ఆరు వారాలు దిగి పనిచేయండి, కానీ ఎప్పుడు పైకి వస్తారో తేదీ ముందే మేనేజర్లకి చెప్పండి. తేదీ లేని సాయం అలవాటైపోతుంది.

పక్క దిక్కు: వాదన గెలవడం కాదు

ఇన్‌ఫ్లుయెన్స్ అన్న మాటకి అసలు పరీక్ష ఇక్కడే. ఆవిడకి కావలసింది ఒకటే. రిలీజ్‌కి ముందు ఆటోమేటిక్‌గా నడిచే ఒక తనిఖీని పక్కనున్న ఇద్దరు డైరెక్టర్ల టీమ్‌లు కూడా వాడాలి. ఎందుకంటే తన ఇన్సిడెంట్లలో చాలావాటికి మూలం వాళ్ళ సర్వీసుల్లో ఉంది. వాళ్ళకి చెప్పే అధికారం తనకి లేదు.

మొదటి ప్రయత్నం 22 స్లైడ్లు. గ్రాఫులు, లెక్కలు, ముందు తర్వాత పోలికలు. ఇద్దరూ విన్నారు, "బాగుంది, చూద్దాం" అన్నారు. మన ఆఫీసుల్లో "చూద్దాం" అంటే ఏమిటో మీకు తెలుసు.

గ్యారీ యుకల్ అనే అమెరికన్ పరిశోధకుడు మేనేజర్లు ఎదుటివాళ్ళని ఒప్పించడానికి వాడే పద్ధతుల్ని పదకొండుగా వర్గీకరించాడు. తర్కంతో ఒప్పించడం వాటిలో ఒకటి. ఎదుటివాళ్ళని పథకం తయారీలోకే పిలవడం ఇంకొకటి. వాళ్ళకి కావలసిన వనరులు మనమే సమకూర్చి సహకరించడం మరొకటి. ఒత్తిడి పెట్టడం, రూల్ చూపించడం కూడా ఉన్నాయి, కానీ మనస్ఫూర్తిగా ఒప్పుకునేలా చేయడంలో అవి వెనకబడతాయి. ఇంజనీరింగ్ నుంచి పైకొచ్చిన మనకి చేతిలో ఉన్న పనిముట్టు మొదటిదొక్కటే. అది విరిగితే వెంటనే చివరివాటికి, అంటే "వీపీ గారు చెప్పమన్నారు" అన్నదానికి దూకుతాం. మధ్యలో ఉన్నవాటిని వాడటం నేర్చుకోవడమే ఈ దిక్కులో అసలు లక్ష్యం.

అందుకని రెండో లక్ష్యం ఇలా రాశాం: "సెప్టెంబర్ చివరికల్లా ఆ ఇద్దరు డైరెక్టర్ల అసలు అభ్యంతరం ఏమిటో వాళ్ళ మాటల్లోనే రాయగలగాలి. వాళ్ళు ప్రతిపాదించిన మార్పు కనీసం ఒకటి నా పథకంలో ఉండాలి. స్లైడ్లు తీసుకెళ్ళకుండా ఒక్కొక్కరితో మూడేసి సార్లు కూర్చుంటాను." ఇద్దరూ తనిఖీ వాడాలి అని రాయలేదు. అది అంకె లక్ష్యం అయిపోతుంది, మళ్ళీ ఒత్తిడి దారి పట్టిస్తుంది.

మొదటి డైరెక్టర్ పైకి చెప్పిన అభ్యంతరం, టూల్ ఇంకా పరిపక్వం కాలేదు అని. రెండోసారి క్యాంటీన్‌లో టీ తాగుతూ అసలు మాట బయటపడింది. వాళ్ళ రిలీజ్ ప్రతి గురువారం. తనిఖీకి నలభై నిమిషాలు పడుతుంది. ఆ త్రైమాసికంలో వాళ్ళు పైకి మాటిచ్చిన తేదీలు ఇప్పటికే బిగుసుకుని ఉన్నాయి. తనిఖీ ఫెయిలై రిలీజ్ ఆగితే ఆ మాట పోయేది ఆయనది. రెండో డైరెక్టర్ బాధ వేరు. అర్ధరాత్రి టూలే పనిచేయకపోతే ఎవరిని లేపుతారు? తన ఇంజనీర్లనేనా?

ఈ రెండు ప్రశ్నలకి 22 స్లైడ్లలో ఒక్కదాంట్లో కూడా జవాబు లేదు. ఆవిడ పథకం మార్చింది. మొదటి ఆరు వారాలు తనిఖీ హెచ్చరిక మాత్రమే ఇస్తుంది, రిలీజ్‌ని ఆపదు. ఈ మాట మొదటి డైరెక్టరే అన్నాడు. టూల్‌కి రాత్రి డ్యూటీ ఆవిడ టీమే చూసుకుంటుంది. ఇది ఖర్చుతో కూడిన ఒప్పుకోలు, తన మేనేజర్లతో ముందే మాట్లాడాల్సి వచ్చింది. చివరికి మొదటి టీమ్ పూర్తిగా తీసుకుంది. రెండోది ఐదు సర్వీసుల్లో రెండింటికే తీసుకుంది, మిగతా మూడు అలాగే ఉన్నాయి. లక్ష్యం మాత్రం పూర్తయినట్టే. అభ్యంతరం ఏమిటో ఇప్పుడు ఆవిడకి తెలుసు, ఆ మూడింటికి ఏం కావాలో తెలుసు.

ప్రతి కూర్చోవడం తర్వాతా ఆవిడ మూడు లైన్లు రాసుకునేది. ఏమంటాడనుకున్నాను, ఏమన్నాడు, ఈసారి ఏం మారుస్తాను. మొదటి లైన్ వెళ్ళేముందే రాయాలి, లేకపోతే మనల్ని మనమే మోసం చేసుకుంటాం. మే నెల పేజీల్లో మొదటి రెండు లైన్లకీ పొంతన లేదు. ఆగస్టుకి చాలాచోట్ల దగ్గరపడ్డాయి. నేర్చుకున్నదానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

పై దిక్కు ఎప్పుడు ముందు రావాలి

సాధారణంగా దీన్ని రెండో అర్ధభాగానికి వాయిదా వేయమంటాను. కింద, పక్కన ఏమీ కదలకుండా పైకి వెళ్తే చెప్పడానికి ఏముంటుంది? అయితే రెండు సందర్భాల్లో ఇది ముందుకు రావాలి. మీ బాస్ కొత్తగా వచ్చిన మనిషైతే ఒకటి. ఆ తొలి నెలల్లో ఎవరి గురించి ఏ అభిప్రాయం పడితే అది చాలాకాలం ఉంటుంది. రెండోది బడ్జెట్. మీ కంపెనీకి ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలైతే వచ్చే ఏడాది మనుషుల లెక్కలు చాలాచోట్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలో తేలిపోతాయి. మీ మాట ఆగస్టుకే అక్కడ ఉండాలి.

హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అమెరికా పశ్చిమ తీరానికీ మనకీ ఎండాకాలంలో పన్నెండున్నర గంటల తేడా. అక్కడ మీటింగ్‌కి ముందు కారిడార్‌లో జరిగే మీటింగ్‌లో మనం ఉండం. మన సాయంత్రం కాల్‌కి విషయం వచ్చేసరికి అక్కడ సగం తేలిపోయి ఉంటుంది. కాల్‌లో గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటే ఇది తీరదు, అందుకే ప్రెజెంటేషన్ వర్క్‌షాప్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మనం లేని గదిలో మన బదులు మాట్లాడగలిగేది రాసిన కాగితం ఒక్కటే. ఒక్క పేజీ. ఏ నిర్ణయం కావాలి, ఎప్పటిలోగా, ఉన్న రెండు దారులు, నేను ఏది అంటున్నాను, దానివల్ల ఏం కోల్పోతాం. చివరిది రాయనివాళ్ళ కాగితాన్ని ఎవరూ నమ్మరు. లక్ష్యంగా రాయాలంటే: "మూడు నెలల్లో నా కాగితాల్లో రెండింటిని, నేను లేని మీటింగ్‌లో, నా బాస్ తన మాటగా ముందుకు తీసుకెళ్ళాలి."

తన మాటగా అన్నచోట చాలామందికి గుచ్చుకుంటుంది. నాకూ గుచ్చుకుంది. నేను రాసిన వాక్యం వేరేవాళ్ళ నోట విని, నా పేరు రాలేదని వారం రోజులు ముభావంగా తిరిగాను.

నేర్చుకోవడానికి ఎవరి సాయం?

లక్ష్యాలు తేలాక ఈ ప్రశ్న తేలిక, ముందే అడిగితే కష్టం. బిజినెస్ స్కూల్లో ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్ కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది, ఖర్చు లక్షల్లోకి పోతుంది. పై దిక్కు లక్ష్యానికి, ముఖ్యంగా డబ్బు భాష తెలియనివాళ్ళకి ఉపయోగం. కింది దిక్కుకి దాదాపు సున్నా. క్లాసులో రోల్‌బ్యాక్ రాదు.

బయటి కోచ్ కింది, పక్క దిక్కులు రెండింటికీ పనికొస్తాడు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ గుర్తింపుల్లో ఏసీసీకి కనీసం 100 గంటలు, పీసీసీకి 500 గంటలు, ఎంసీసీకి 2,500 గంటల కోచింగ్ అనుభవం అడుగుతారు. ఎంపికలో ఇదొక వడపోత మాత్రమే. అసలు అడగాల్సింది, "నా చుట్టూ ఉన్న ఐదారుగురితో మీరు నేరుగా మాట్లాడతారా?" అని. మాట్లాడని కోచ్‌కి మీరు చెప్పిన కథే తెలుస్తుంది, ఆ కథలో హీరో మీరే.

లోపలి సీనియర్ సలహా ఉచితం, పైగా ఎవరు ఎందుకు "చూద్దాం" అంటారో ఆయనకి తెలుసు. కానీ ఆయనకీ సొంత లెక్కలుంటాయి. పక్క దిక్కు లక్ష్యానికి ఆ ఇద్దరు డైరెక్టర్లతో ఇప్పుడు పోటీలో లేని మనిషిని వెతుక్కోండి. డబ్బు, టైమ్ రెండూ తక్కువైతే నేనిదే ఎంచుకుంటాను, నెలకి ఒక గంట, ఆ మూడు లైన్ల పుస్తకం చేతిలో పట్టుకుని.

దారి తప్పినట్టు ఎలా తెలుస్తుంది

ఎక్కువగా కనిపించే తప్పు, మన కదలికలనే లెక్కపెట్టుకోవడం. పది మీటింగులు పెట్టాను, ఎనిమిది మందిని కలిశాను. అవతలివాళ్ళు ఒక్క అంగుళం కదిలారా అన్నది అందులో ఉండదు. రెండోది, ఇచ్చిన పని సగంలో వెనక్కి లాక్కోవడం. ఇది మీకు తెలియకుండానే జరుగుతుంది. గుర్తు ఏమిటంటే మేనేజర్లు మళ్ళీ "మీరేమంటారు?" అనడం మొదలుపెడతారు.

మూడోది దీనికి పూర్తిగా ఎదురు, దాని గురించి తక్కువ మాట్లాడతారు. చేతులు పూర్తిగా దులిపేసుకోవడం. ఆరు నెలలకి సిస్టమ్ ఎలా ఉందో తెలియదు, మేనేజర్ ఏం చెబితే అది నమ్మాలి. ఇన్సిడెంట్ కాల్‌కి వెళ్ళకండి కానీ, మర్నాటి రివ్యూకి వెళ్ళండి. కోడ్ చూడకండి కానీ, నెలకి ఒకటి రెండు డిజైన్ డాక్యుమెంట్లు మొదటి నుంచి చివరిదాకా చదివి, ప్రశ్నలు మాత్రమే రాయండి. ఆవిడ ఈ రెండూ ఉంచుకుంది, సర్టిఫికేషన్ వదిలేసింది.

ఇక కింది దిక్కు లక్ష్యానికి నేను వాడే పరీక్ష పండగ. దసరాకి ఆవిడ ఐదు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళింది, ఫోన్‌లో ఆఫీస్ మెసేజ్‌లు ఆపేసింది. తిరిగొచ్చేసరికి తన కోసం ఆగి ఉన్న నిర్ణయాలు పదకొండు. ఒక్కోటీ ఎందుకు ఆగిందో పక్కన రాసుకుంది. ఆరింటికి కారణం ఒకటే: ఖర్చు ఆమోదం తన పేరు మీదే ఉంది. అది ఇన్‌ఫ్లుయెన్స్ సమస్యే కాదు, పోర్టల్‌లో ఒక సెట్టింగ్. ఆ అధికారాన్ని కొంత పరిమితి దాకా మేనేజర్లకి ఇచ్చేసింది. మూడు నిర్ణయాలు పాత సహోద్యోగి అయిన ఒక మేనేజర్‌వే, అతను ఇంకా తన పైన ఈవిడ రావడాన్ని జీర్ణించుకోలేదు. దాన్ని లక్ష్యంగా కాదు, నేరుగా కూర్చుని మాట్లాడాల్సిన విషయంగా తీసుకుంది. మిగిలిన రెండూ నిజంగా ఆవిడే తీసుకోవాల్సినవి.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆగినవి నాలుగు. ఆ వారంలో ఒక ఇన్సిడెంట్ కూడా వచ్చింది, భోగి నాడు తెల్లవారుజామున. రికార్డులో నిర్ణయం గడిలో ఆ పేమెంట్స్ కుర్రాడి పేరుంది, కాల్ మొదలైన తొమ్మిది నిమిషాలకి రోల్‌బ్యాక్. ఆవిడకి సంగతి కనుమ అయ్యాక తెలిసింది.